‘బ్రేక్ ది ఐస్’ జోకులో ఐసు ఎక్కడుంది, ఎవరు పగలగొడుతున్నారు?

ప్రశ్న: మధురవాడలో కొత్త ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు ట్రైనర్ లోపలికి వస్తూనే ‘హౌ మచ్ డజ్ ఎ పోలార్ బేర్ వే?’ అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. ‘ఇనఫ్ టు బ్రేక్ ది ఐస్’ అని ఆయనే చెప్పి, వెంటనే ‘హాయ్, ఐ యామ్ యువర్ ట్రైనర్’ అన్నారు. సగంమంది నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను కానీ ఏమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చి గూగుల్ చేస్తే ఎలుగుబంటి బరువు 450 కిలోలు అని వచ్చింది. ఇందులో నవ్వేదేముంది? ఈ జోకు నేను ఇంకెక్కడైనా చెప్పొచ్చా?

జవాబు:

ద్వారకానగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. ఈ జోకు దగ్గర ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఆగింది ఇంగ్లీషు రాక కాదు. అందులోని ప్రతి మాటా వాళ్లకు తెలుసు. మీకూ తెలుసు. చిక్కు వేరేచోట ఉంది. అది మీకు తగలాలంటే ముందు ఒక తెలుగు జోకు వినండి.

లెక్కల మాస్టారు బోర్డు మీద పెద్ద లెక్క వేసి, ‘ఇది ఎవరికి వచ్చో చేతులెత్తండి’ అన్నారు. క్లాసంతా చేతులెత్తేసింది.

దీన్ని మీకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. పిల్లలందరూ చేతులు పైకి లేపిన బొమ్మ ఒకటి కళ్లముందు కదిలింది, ఆ వెంటనే ‘మావల్ల కాదు’ అని ఊరుకోవడం అనే రెండో అర్థం దాని మీద వచ్చి వాలింది. ఇప్పుడు ఇదే జోకును మీ పక్క సీట్లో కూర్చునే ఒడియా కుర్రాడికి ఇంగ్లీషులో ‘ది హోల్ క్లాస్ రెయిజ్డ్ దెయిర్ హ్యాండ్స్’ అని చెప్పి చూడండి. ‘అయితే అందరికీ లెక్క వచ్చన్నమాట, మంచిదే కదా’ అంటాడు. అతనికి చేతులు పైకి లేచిన బొమ్మ ఒక్కటే చేరింది. రెండోది తెలుగులోనే ఉండిపోయింది. ఆ రోజు ట్రైనింగ్ రూములో మీకూ ఇదే జరిగింది. ఎలుగుబంటి, దాని కాళ్లకింద ఐసు మీకు చేరాయి. రెండోది చేరలేదు.

మన జోకులో ఇంకో చిన్న సంగతి ఉంది, మనం రోజూ వాడుతూ కూడా గమనించం. ‘చేతులెత్తారు’ అంటే లేపారనే. ‘చేతులెత్తేశారు’ అంటేనే వదిలేసుకున్నారన్న అర్థం వస్తుంది. ఆ ‘ఏశారు’ లేకపోతే జోకు లేదు. నుడికారం అలాగే ఉంటుంది. అది కొన్ని మాటల్ని ఒక పద్ధతిలో కలిపి పోత పోసినట్టు. ఒక ముక్క మార్చితే అచ్చమైన అర్థం మిగులుతుంది, నుడి అర్థం ఎగిరిపోతుంది.

ఇప్పుడు మీ ట్రైనర్ గారి మాటల్లోకి వద్దాం.

మొదటిమాట ప్రశ్న, బరువెంత అని. ‘హౌ మచ్’ అని అడిగితే ఎవరైనా అంకె కోసమే ఎదురుచూస్తారు. మీరు గూగుల్‌కు వెళ్లింది కూడా అందుకే. నిజానికి ఆ అంకె తప్పేమీ కాదు. పెద్ద మగ ధ్రువపు ఎలుగు సుమారు 350 నుంచి 700 కిలోలదాకా తూగుతుంది, ఆడది అందులో సగం దగ్గర ఉంటుంది. కానీ ట్రైనర్ గారు ‘నాలుగువందల యాభై కిలోలు’ అని ఉంటే అది జనరల్ నాలెడ్జి అయ్యేది. ఆయనకు అంకె అక్కర్లేదు. ‘ఇనఫ్ టు బ్రేక్ ది ఐస్’ అనే నాలుగైదు మాటలు తన నోటినుంచి రావడానికి ఒక సాకు కావాలి. బరువున్న జంతువు, ఐసు మీద బతికేది, రెండూ కుదిరేది ఆ ఎలుగే. అందుకే ఏనుగు బరువు అడగలేదు.

రెండోమాటకు అచ్చమైన అర్థం ‘ఐసు పగలగొట్టేంత’. ‘ఇనఫ్ టు’ అన్నచోట మన ‘అంత’ సరిగ్గా సరిపోతుంది. మోసేంత, మునిగేంత, పగలగొట్టేంత. ఇందులో పగలగొట్టేది ఎలుగు, పగిలేది దాని కాళ్లకింద గడ్డకట్టిన నీరు. ఇక్కడిదాకా వినేవాళ్లు ‘ఏదో పొడుపుకథలా ఉందే’ అనుకుంటారు, నవ్వరు. నవ్వకూడదు కూడా, జోకు ఇంకా పూర్తి కాలేదు.

మూడోమాట ‘హాయ్, ఐ యామ్ యువర్ ట్రైనర్’. చాలామంది ఇది జోకు అయిపోయాక వచ్చిన మామూలు పలకరింపు అనుకుంటారు. మీరూ అలాగే అనుకుని ఉంటారు. జోకంతా వెలిగేది ఆ పలకరింపులోనే. ఎందుకంటే ‘బ్రేక్ ది ఐస్’ అనే మాటకు ఇంగ్లీషులో ఇంకో అర్థం ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకచోట చేరినప్పుడు ఎవరూ నోరు విప్పకుండా బిగుసుకుని ఉంటారు కదా, ఆ బిగువును ఎవరో ఒకరు ముందుగా పోగొట్టడం. మన మాటల్లో చెప్పాలంటే మాట కలపడం. ట్రైనర్ గారు ‘హాయ్’ అనగానే ఆ అర్థం తెలిసినవాళ్ల బుర్ర ఒక్క క్షణం వెనక్కి వెళ్లి, అంతకుముందు విన్న ‘బ్రేక్ ది ఐస్’ను మళ్లీ వింటుంది. ‘ఓహో, ఈయన ఎలుగు గురించి చెప్పలేదు, మాతో మాట కలిపారు’ అని తెలుస్తుంది. నవ్వు వచ్చేది ఆ వెనక్కి వెళ్లిన క్షణంలోనే.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకుంటే రెండు అర్థాలూ విడివిడిగా కనిపిస్తాయి: పగలగొడుతున్నది ఎవరు? అచ్చమైన అర్థంలో ఎలుగు. నుడి అర్థంలో ట్రైనర్ గారు. ఇంగ్లీషు వాక్యంలో ‘టు బ్రేక్’ ముందు పగలగొట్టేవాళ్ల పేరు లేదు. ఆ ఖాళీలో మొదట ఎలుగు కూర్చుంది, ‘హాయ్’ వినగానే ఎలుగు లేచి ట్రైనర్ కూర్చున్నారు. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. తెలుగులో ‘పగలగొట్టేంత’ అన్నా కర్తను చెప్పక్కర్లేదు, ఆ మేరకు మనకూ వీలుంది. కానీ రెండో అర్థానికి తెలుగులో ఐసే లేదు. ‘మాట కలిపేంత బరువు’ అంటే ఎలుగు మాయమవుతుంది. ‘ఐసు పగలగొట్టేంత బరువు’ అంటే పలకరింపు మాయమవుతుంది. రెంటినీ మోసే ఒక్క మాట మనకు లేదు. అందుకే దీన్ని మనసులో తెలుగు చేసుకున్నవాళ్లకు ఎప్పుడూ సగమే దొరుకుతుంది. మీకు జరిగింది ఇదే, ఇందులో మీ తప్పేమీ లేదు.

ఇక అసలు ఐసుకూ మొహమాటానికీ సంబంధమేంటి? నా క్లాసులో దీన్ని బాగా అడిగినవాడు పెద జాలరిపేట కుర్రాడు ఒకడు. వాళ్ల నాన్న బోటు మీద వేటకు వెళ్లే మనిషి. నేను ఈ నుడి అర్థం చెప్పి, రాసుకోమన్నాను. రాసుకున్నాడు గానీ మొహంలో ఏదో తేడా. ఏంట్రా అంటే, ‘సార్, ఐసు పగలగొట్టేది చేప పాడవకుండా కదా. పగలగొడితే చేప నిలవ ఉంటుంది. మాట కలవడం ఎక్కడినుంచి వచ్చింది?’ అన్నాడు.

వాడి మాట నిజం. ఫిషింగ్ హార్బర్‌కు పొద్దున్నే వెళ్తే చూడొచ్చు, మనిషి నడుమెత్తు ఐసు దిమ్మల్ని చితగ్గొట్టి పొడిచేసి బోట్లలోకి, పెట్టెల్లోకి పోస్తుంటారు. విశాఖలో ‘ఐసు పగలగొట్టడం’ అంటే కళ్లకు కట్టేది ఆ బొమ్మే. అందులో ఐసు మంచిది, కొనుక్కొచ్చుకున్నది. దాన్ని పగలగొడితే ఇంకా బాగా పనికొస్తుంది. ఆ బొమ్మతో ఇంగ్లీషు నుడిలోకి వెళ్తే ఎన్నాళ్లయినా దారి దొరకదు. ఆ నుడిలో ఐసు అడ్డం.

అది పుట్టిన బొమ్మ వేరు. చలిదేశాల్లో చలికాలం వస్తే నది పైభాగమో, రేవులో నీళ్ల పైభాగమో గట్టిగా గడ్డకట్టి పలకలా అయిపోతుంది. పడవలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ముందు ఎవరో ఒకరు ఆ పలకను పగలగొట్టి దారి చెయ్యాలి, అప్పుడే వెనక మిగతా పడవలు కదులుతాయి. ఈ మాట ఇంగ్లీషులో 16వ శతాబ్దం నుంచీ ఉంది. మొదట్లో దాని అర్థం కూడా అదే: ఎవరూ చెయ్యని పనిని ముందుగా మొదలుపెట్టి మిగతావాళ్లకు దారి చెయ్యడం. తర్వాత తర్వాత అది మనుషుల మధ్య మౌనానికి అంటుకుంది. గదిలో ఇరవైమంది నోళ్లు బిగించుకుని కూర్చున్నారు, ఒక్కరు ముందుగా మాట్లాడితే మిగతావాళ్ల మాటలు కదులుతాయి. పడవల బొమ్మ తీసుకొచ్చి ఈ గది మీద పెట్టండి, సరిగ్గా అతుకుతుంది.

మన రేవు ఎప్పుడూ గడ్డకట్టదు కాబట్టి ఈ బొమ్మ మనకు ఇంట్లో దొరికేది కాదు. మనకు చలి అంటే లంబసింగి. డిసెంబరులో తెల్లవారుజామున బళ్లేసుకుని అక్కడికెళ్తే గడ్డిమీద తెల్లగా పేరుకున్నది చూసి ‘మంచు’ అంటాం. కళ్లముందు కమ్మిన పొగలాంటిదాన్నీ మంచే అంటాం. ఆకుమీద తడినీ మంచే అంటాం, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. ఇంగ్లీషులో వీటికి నాలుగు వేరువేరు మాటలు. అందుకే డిక్షనరీ చూసి ‘మంచును బద్దలు కొట్టడం’ అని రాసుకున్న పిల్లలు ఇంకా తికమకపడతారు, పొగమంచును బద్దలు కొట్టేదెలా అని. ఈ నుడికి ‘మంచు’ అనుకోకండి. నీటిమీద గట్టిపడిన పలక అనుకోండి.

ఆ కుర్రాడికి నేను బోర్డు మీద ఒక ఓడ బొమ్మ గీశాను. మంచుసముద్రాల్లో దారి చెయ్యడానికే కట్టే ఓడలుంటాయి, వాటిని ఐస్‌బ్రేకర్ అంటారు. అవి కత్తిలా ఐసును కోసుకుంటూ పోతాయని మనం అనుకుంటాం. అలా కాదు. ఓడ ముందుభాగం అడుగున ఏటవాలుగా ఉంటుంది. ఇంజను తోస్తే ఆ ఏటవాలు పలక మీదికి ఎక్కుతుంది, ఓడ బరువుకు కింద పలక విరుగుతుంది. వెనక నీటిదారి మిగులుతుంది. బోటుమీద పెరిగిన పిల్లాడు కదా, బొమ్మ సగం గీసేసరికే పట్టేశాడు. ‘అయితే బరువు కావాలి సార్! అందుకే ఎలుగు బరువు అడిగారు!’ అన్నాడు. అప్పటిదాకా నేను కూడా బరువుకూ నుడికీ అంత దగ్గరి చుట్టరికం ఉందని అనుకోలేదు. వాడు నవ్వాడు. జోకు విన్న పావుగంటకు వచ్చింది ఆ నవ్వు, కానీ నిజమైన నవ్వు.

(ఒక్క మాట. నిజం ఎలుగు చెయ్యాలనుకునేది దీనికి తలకిందులు. పల్చటి ఐసు మీద కాళ్లు బాగా ఎడంగా చాపి, ఒక్కోసారి పాకుతూ, బరువు ఒకచోట పడకుండా నడుస్తుంది. జోకులో ఉన్నది కేవలం మాటకోసం వచ్చిన ఎలుగు.)

మనకు అడ్డుపడేది ఇంకొకటుంది. ఇంగ్లీషులో చల్లదనం అంటే దూరం, వెచ్చదనం అంటే దగ్గరతనం. ‘వార్మ్ వెల్‌కమ్’ అంటే ఆదరంగా పిలవడం, ‘కోల్డ్’ మనిషి అంటే ఎవరినీ దగ్గరకు రానివ్వని మనిషి. చలిదేశం కాబట్టి వెచ్చదనమే వాళ్లకు హాయి. మనకు? ‘చల్లగా ఉండు నాయనా’ అని దీవిస్తాం. చల్లని మనసు, చల్లని చూపు అంటాం. మే నెలలో జగదాంబ జంక్షన్‌లో బస్సు దిగి చుట్టాలింటికి వెళ్తే చేతికిచ్చే చల్లటి మజ్జిగే మనకు ఆదరం. అందుకే ఐసు అనగానే మొహమాటమో బిగువో మనకు తట్టదు, హాయి తడుతుంది. ఇది మన భాషకున్న లోటు కాదు, మన ఎండ మన భాషకు ఇచ్చింది. ఇంగ్లీషు నుడి వినేటప్పుడు మాత్రం ఈ ఒక్కదాన్ని తిరగేసి పెట్టుకోవాలి.

ఇప్పుడు మీకు నిజంగా అర్థమైందో లేదో చూసుకోవడానికి మాటలు కొంచెం మార్చి చూడండి. ‘ఇనఫ్ టు బ్రేక్ ది చెయిర్’ అంటే కుర్చీ విరిగేంత బరువని, అంతే. దాని తర్వాత ‘హాయ్’ అంటే అది ఉత్త హాయ్. ‘ఇనఫ్ టు క్రాక్ ది ఐస్’ అంటే ఐసు పగలడం దాదాపు అదే, కానీ నుడి పోయింది, జోకూ పోయింది. ఇప్పుడు ‘బ్రేక్ ది ఐస్’ అలాగే ఉంచి ‘హాయ్’ తీసేయండి. పొడుపుకథ మిగిలింది, నవ్వు లేదు. ఈ మూడు చోట్లా జోకు ఎందుకు చచ్చిందో మీ అంతట మీరు చెప్పగలిగితే, దాన్ని పట్టేసినట్టే.

వాడకంలో మా పిల్లలు చేసే పొరపాట్లు రెండు చెబుతాను. ‘ఐ బ్రోక్ ది ఐస్ టు హిమ్’ అంటారు. ‘విత్ హిమ్’ అనాలి. మనకు ‘అతనితో మాట కలిపాను’ అని ‘తో’ ఉంది కదా, ‘విత్’ దానికి జోడీ అనుకుంటే ఇక మర్చిపోరు. రెండోది, మంచి స్నేహితులయ్యాక ‘నౌ వుయ్ బ్రోక్ ది ఐస్’ అంటారు. ఈ నుడి మొదటి మాటదాకానే, మొదటి పది నిమిషాలదాకానే. ఆ తర్వాత స్నేహం కుదిరిందా లేదా అన్నది దాని పని కాదు. రేపు మీ ఆఫీసులో ‘లెట్స్ స్టార్ట్ విత్ యాన్ ఐస్‌బ్రేకర్’ అంటే టెన్షన్ పడకండి. కొత్తవాళ్లందరూ పేరు, ఊరు, ఇష్టమైన తిండి చెప్పుకునే చిన్న ఆట ఏదో మొదలవుతుందని అర్థం.

మీరు చెప్పొచ్చా అన్నారు. తప్పకుండా చెప్పండి, కానీ చోటు చూసుకోండి. వినేవాళ్లకు మీరు కొత్తవాళ్లయి ఉండాలి. పాత స్నేహితుడికి చెబితే పగలగొట్టడానికి మధ్యలో ఐసే లేదు, రెండో అర్థం నిలబడటానికి చోటుండదు. అలాగే వినేవాళ్లకు ఆ నుడి ముందే తెలిసి ఉండాలి. అది తెలియనివాళ్లకు చెబితే మొన్న మీరున్న చోట వాళ్లుంటారు, బిగువు తగ్గాల్సింది పెరుగుతుంది. ఇంట్లో అమ్మకో మామయ్యకో చెప్పాలనిపిస్తే ఎలుగును వదిలేసి ఆ లెక్కల మాస్టారి జోకు చెప్పండి.

చెప్పేటప్పుడు ‘ది ఐస్’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎలుగు ఐసు మీద నిలబడటానికి వాళ్లకు ఆపాటి టైమ్ కావాలి. ఆ తర్వాత మొహంలో మొహం పెట్టి చూసి, చెయ్యి చాపి, ‘హాయ్’ అని మీ పేరు చెప్పండి. ఆ ఆగడం మర్చిపోయి గబగబా కలిపేస్తే రెండు అర్థాలూ ఒకదాని మీద ఒకటి పడిపోయి ఏదీ వినిపించదు. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూడండి, ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.